మూస ఉండాలి, మూసపోత వినిపించకూడదు

క్యాప్షన్ అంటే ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, వాట్సాప్ స్టేటస్‌లలో పెట్టే ఫొటో కింద రాసే నాలుగు మాటలు. చిన్న వ్యాపారాలకు ఇది పైకి కనిపించని పని. ఒక చేనేత చీరల దుకాణాన్ని తీసుకుంటే, అక్కడ ఈ పనికి ప్రత్యేకంగా మనుషులు ఉండరు. ఒకరు ఫొటోలు తీస్తారు, ఒకరు రాస్తారు, మరొకరు ఫోన్లు ఎత్తుతూ మెసేజ్‌లకు జవాబులిస్తారు. ఈ ముగ్గురే బేరాలు చూసుకోవాలి, చీరలు మడత పెట్టాలి, పార్శిళ్లు కట్టాలి. రోజుకో పోస్టు పెట్టాలనుకుంటే నెలకు ముప్పై క్యాప్షన్లు కావాలి. ప్రతిసారీ ఖాళీ తెర ముందు కూర్చుని మొదటినుంచీ రాస్తే ఒక్కోదానికి పావుగంట, ఇరవై నిమిషాలు ఇట్టే పోతాయి. అందులో సగం సమయం కొత్త మాట వెతకడానికి పోదు. చీర పొడవు ఎంత, జాకెట్టు ముక్క ఉందా, కొరియర్ ఖర్చు ఎవరిది, ఏ నంబరు ఇవ్వాలి అన్న పాత సంగతుల్ని మళ్లీ గుర్తు చేసుకుని రాయడానికే పోతుంది.

అందుకే చాలామంది టెంప్లేట్లు తయారు చేసుకుంటారు. ఒకసారి బాగా కుదిరిన క్యాప్షన్‌ను దాచిపెట్టి, చీర పేరు, ధర మార్చి మళ్లీ వాడతారు. రెండు వారాలు బండి సాఫీగా నడుస్తుంది. మూడో వారానికి దుకాణం పేజీ తెరిచి చూస్తే ప్రతి ఫొటో కిందా ‘కొత్త కలెక్షన్ వచ్చేసింది’ అనే ఉంటుంది. ప్రతి చీరా ‘మనసు దోచే’ చీరే అవుతుంది. ప్రతి పోస్టూ ‘త్వరపడండి’ అనే ముగుస్తుంది. పక్క వీధిలోని దుకాణం పేజీలోనూ ఇవే మాటలు కనిపిస్తాయి.

దీనికి టెంప్లేటును తప్పుపట్టాల్సిన పనిలేదు. పొరపాటు ఏ భాగాన్ని దాచుకున్నారు అన్నదాంట్లో ఉంది. చదివేవాళ్లు క్యాప్షన్ మొత్తాన్ని ఒకే కంటితో చూడరు. ధర, కొలత, ఆర్డర్ ఇచ్చే పద్ధతి ప్రతి పోస్టులోనూ ఒకే రకంగా ఉంటే ఎవరికీ విసుగు పుట్టదు. పైగా అవి ఎప్పుడూ ఒకే చోట ఉంటే వెతుక్కోనక్కర్లేదని సంతోషిస్తారు. విసుగు పుట్టేది మొదటి వాక్యం దగ్గర, పొగడ్త మాటల దగ్గర, చివరి పిలుపు దగ్గర. కాబట్టి ధర, కొలతల భాగాన్ని అక్షరం మారకుండా దాచుకోవాలి. మొదటి వాక్యాన్ని మాత్రం దాచుకోకూడదు. దాని స్థానంలో ఒక ప్రశ్నను దాచుకోవాలి. ‘ఈ చీరలో మన దగ్గరున్న ఇంకే చీరలోనూ లేనిది ఏమిటి?’ అన్న ప్రశ్నకు రాసేవాళ్లు జవాబు రాస్తే అదే మొదటి వాక్యం అవుతుంది. చీర మారితే జవాబు మారుతుంది, జవాబు మారితే వాక్యం దానంతట అదే మారుతుంది.

ఇలాంటి లైబ్రరీని కట్టడం పాత పోస్టుల నుంచి మొదలవుతుంది. గడచిన రెండు మూడు నెలల క్యాప్షన్లన్నీ ఒక గూగుల్ షీట్‌లోకి ఎక్కించాలి. ఒక్కో పోస్టుకు ఒక్కో వరుస. తేదీ, అది ఏ సందర్భానికి పెట్టారు, మొదటి వాక్యం, చివరి వాక్యం అనే నాలుగు గడులు చాలు. తర్వాత మొదటి వాక్యాల గడిని అక్షర క్రమంలో అమర్చాలి. ఒకే మాటతో మొదలైన పోస్టులన్నీ అప్పుడు ఒకదాని కింద ఒకటి వచ్చి నిలబడతాయి. ‘కొత్త’ అన్న మాట కింద పద్నాలుగు వరుసలు కనబడితే ఎవరూ వేరే రుజువు అడగరు. చివరి వాక్యాల గడికీ అదే పరీక్ష పెట్టాలి. పొగడ్త మాటల్లో మరీ అరిగిపోయినవాటిని ఇక్కడే ఏరి, ఈ దుకాణం ఇక వాడకూడని మాటల పట్టీగా పక్కన రాసుకోవాలి. ‘అద్భుతమైన’, ‘చూపు తిప్పుకోనివ్వని’, ‘మీ అందాన్ని రెట్టింపు చేసే’ లాంటివి సాధారణంగా ఈ పట్టీలో ముందుంటాయి. ఈ పట్టీ ఒక్కటే సగం రోగాన్ని కుదురుస్తుంది. ఆ మాటలు వాడే వీలు లేకపోతే రాసే మనిషి చీరను మళ్లీ ఒకసారి చేత్తో పట్టుకుని చూడక తప్పదు.

ఆ తర్వాత సందర్భాలను విడదీయాలి. చీరల దుకాణానికి ఇవి ఏడెనిమిదికి మించవు. కొత్త సరుకు రావడం, తగ్గింపు ధరలు, నేత గురించి చెప్పడం, ఉతికే జాగ్రత్తలు, కొన్నవాళ్లు కట్టుకుని పంపిన ఫొటో, పండగ, సెలవు లేదా వేళల మార్పు. అన్నింటికీ సమానంగా టెంప్లేట్లు ఉండాలనుకోవడం వృథా. కొత్త సరుకు పోస్టులే మొత్తంలో సగం ఉంటాయి కాబట్టి వాటికి నాలుగైదు అస్థిపంజరాలు కావాలి. సెలవు ప్రకటనకు ఒక్కటి చాలు, అది ఏడాదంతా ఒకేలా ఉన్నా ఎవరూ పట్టించుకోరు. మొత్తం ఇరవై దాటితే లైబ్రరీ బరువవుతుంది. వెతకడానికి ఓపిక లేక అందరూ పైన కనిపించిన మొదటిదాన్నే తీసుకోవడం మొదలవుతుంది.

అస్థిపంజరం అంటే వాక్యాలు కావు, సంగతుల వరుస. ఏది ముందు, ఏది తర్వాత అన్నది మాత్రమే. కొత్త సరుకు సందర్భాన్నే తీసుకుని మూడు చీరల మీద చూస్తే ఇది స్పష్టమవుతుంది.

మొదటి అస్థిపంజరం కంటికి కనిపించే ఒక వివరంతో మొదలై, అది కట్టుకునేవాళ్లకు ఎలా పనికొస్తుందో చెప్పి, సరుకు ఎంత ఉందో చెప్పి ఆగుతుంది. ముందున్న ప్రశ్న ‘ఈ బట్ట గురించి చేతికి ఏం తెలుస్తుంది?’ గద్వాల్ చీర చేతికొచ్చినప్పుడు జవాబు ఇలా వస్తుంది: ‘చీరంతా నూలు, అంచూ కొంగూ మాత్రం పట్టు. పెళ్లిపందిట్లో మూడు గంటలు కూర్చున్నా ఉక్కపోయదు, చూసేవాళ్లకు పట్టుచీర కళే కనిపిస్తుంది. ఆకుపచ్చకు మెరూన్ అంచు. ఈ జోడీలో రెండే వచ్చాయి.’

రెండో అస్థిపంజరం కొనేవాళ్ల ప్రశ్నతో మొదలవుతుంది. ప్రశ్న, జవాబు, ఆ తర్వాతే సరుకు. మంగళగిరి నూలు చీరకు ఇలా: ‘అంచు మీద జరీ ఉంది కదా, ఇంట్లో ఉతకొచ్చా అని అడుగుతున్నారు. ఉతకొచ్చు. మొదటిసారి విడిగా, చన్నీళ్లలో ముంచి, పిండకుండా నీడన ఆరేయండి. ఈ వారం వచ్చిన మంగళగిరి చీరల్లో ఆఫీసుకు కట్టుకునే లేతరంగులే ఎక్కువ.’

మూడోది, చూసేవాళ్లు లోపం అనుకునేదాన్ని ముందు పెట్టి విడమరచి చెప్పడం. పోచంపల్లి ఇక్కత్‌కు ఇది చక్కగా అతుకుతుంది: ‘ఈ చీరలో బొమ్మల అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. నేయకముందే నూలుకు కట్లు కట్టి రంగు వేస్తారు కాబట్టి గీత కత్తిరించినట్టు రాదు. వెనక్కి తిప్పి చూడండి, రంగు అటూ ఇటూ దాదాపు ఒకేలా ఉంటుంది. అచ్చు వేసిన బట్టలో అలా ఉండదు.’

ఈ మూడింటి కిందా వచ్చే స్థిరభాగం మాత్రం ఒక్కటే. ధర, చీర పొడవు, జాకెట్టు ముక్క ఉన్నదీ లేనిదీ, కొరియర్ ఖర్చు, ఆర్డర్‌కు ఏం చేయాలి అన్న నాలుగైదు చిన్న వరుసలు. వీటిని వేదికను బట్టి రెండు రకాలుగా ఉంచుకోవడం మంచిది. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో పెట్టిన లింకు నొక్కితే తెరుచుకోదు కాబట్టి అక్కడ ‘మెసేజ్ చేయండి’ అని రాయాలి. వాట్సాప్‌లో లింకు పనిచేస్తుంది కాబట్టి నేరుగా అదే ఇవ్వవచ్చు. అడిగినవాళ్లకు విడివిడిగా జవాబు ఇచ్చేటప్పుడు కూడా ఇదే స్థిరభాగం పనికొస్తుంది. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో క్విక్ రిప్లైలుగా యాభై దాకా దాచుకుని, గీత గుర్తు ‘/’ కొట్టి పిలుచుకోవచ్చు.

మొదటి వాక్యం మీద ఇంత పట్టు పట్టడానికి ఇంకో కారణం ఉంది. ఇన్‌స్టాగ్రామ్ ఒక క్యాప్షన్‌కు 2,200 అక్షరాల దాకా చోటిస్తుంది కానీ, ఫొటో కింద కనిపించేది మొదటి ఒకటి రెండు వరుసలే. మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. పైగా తెలుగులో గుణింతం గుర్తులు, వత్తులు కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం కంప్యూటర్ లెక్కలో ఆరు. అందువల్ల ‘మా వద్ద సరికొత్తగా విచ్చేసిన’ అంటూ సాగదీస్తే అసలు సంగతి రాకముందే కనిపించే చోటు అయిపోతుంది.

తెలుగులో టెంప్లేట్లు రాసేవాళ్లకు తప్పకుండా తగిలే రాయి ఒకటి ఉంది. అది విభక్తి. ఖాళీ వదిలి దాని వెనక ‘కు’ అని ముందే రాసి పెడితే, అందులో ‘గద్వాల్’ పెట్టినప్పుడు గద్వాల్‌కు అని సరిగ్గానే వస్తుంది, ‘ఉప్పాడ’ పెట్టినా ఉప్పాడకు అని సరిపోతుంది. ‘మంగళగిరి’ పెట్టగానే ‘మంగళగిరికు’ అయి కూర్చుంటుంది. ‘ను’, ‘ని’ దగ్గరా ఇదే గొడవ. ఇలాంటి ఒక్క తప్పు కనబడితే చాలు, ఇది మనిషి రాసింది కాదు, ఖాళీలు నింపింది అని చదివేవాళ్లకు తెలిసిపోతుంది. దీనికి విరుగుడు సులువు. మారే పేరు వెనక మారని మాట ఒకటి నిలబెట్టి, విభక్తిని దానికి తగిలించాలి. ‘చీర’ అన్న మాట పెడితే మంగళగిరి చీరకు, గద్వాల్ చీరకు, ఉప్పాడ చీరకు, వెంకటగిరి చీరకు అని అన్నీ కుదురుతాయి. ఊరి పేరు వేరే చోట కావాలంటే దాన్ని ఏ ప్రత్యయమూ తగలని చోట పెట్టాలి.

సంఖ్యల దగ్గర కూడా ఇంతే. ‘ఫలానా చీరలు మిగిలాయి’ అని రాసిపెట్టుకుంటే, ఒక్కటే మిగిలిన రోజున ‘1 చీరలు మిగిలాయి’ అని వెళ్లిపోతుంది. ఒక్కదానికి ఒక వాక్యం, ఎక్కువ వాటికి ఒక వాక్యం విడిగా ఉంచుకోవాలి. అంత శ్రమ ఎందుకనుకుంటే స్థిరభాగంలోకి తోసి ‘మిగిలినవి: 1’ అని రాస్తే సరిపోతుంది.

విభక్తి తప్పుకన్నా ఖరీదైన తప్పులు రెండున్నాయి. ఒకటి ఖాళీ నింపడం మర్చిపోవడం. ‘ధర: ఇక్కడ రాయాలి’ అన్న పోస్టులు ఇంటర్నెట్‌లో అప్పుడప్పుడూ కనబడుతూనే ఉంటాయి. ఖాళీలన్నింటినీ ఇంకెక్కడా వాడని ఒక గుర్తు మధ్య పెడితే, ఉదాహరణకు ★★ధర★★ అని రాస్తే, పోస్టు చేసేముందు ఒక్క చూపులో దొరికిపోతుంది. అయితే అలంకారానికి నక్షత్రాలు వాడే అలవాటు ఆ దుకాణానికి ఉండకూడదు.

రెండోది ఇంతకన్నా ప్రమాదం, ఎందుకంటే అది కంటికి ఆనదు. నిన్నటి పోస్టును కాపీ చేసి మార్పులు చేసినప్పుడు పాత మాట ఒకటి మిగిలిపోతుంది. నిన్నటిది పట్టుచీర, ఇవాళ్టిది నూలుచీర. క్యాప్షన్ మధ్యలో ఎక్కడో ‘స్వచ్ఛమైన పట్టు’ అలాగే ఉండిపోతుంది. లేదా అరలో ఇరవై చీరలుండగా ‘రెండే మిగిలాయి’ అని వెళ్లిపోతుంది. కొన్నవాళ్లు దాన్ని పొరపాటు అనుకోరు, మోసం అనుకుంటారు. అందుకే ఒక కట్టుబాటు పెట్టుకోవాలి: కాపీ ఎప్పుడూ లైబ్రరీలోని ఖాళీ మూస నుంచే చేయాలి, నింపిన పాత పోస్టు నుంచి ఎన్నడూ చేయకూడదు. పట్టు, నూలు, జరీ, చేనేత లాంటి సరుకు స్వభావం చెప్పే మాటలు మూసలో స్థిరంగా ఉండకుండా ఖాళీలుగానే ఉండాలి. సిల్క్ మార్క్, హ్యాండ్లూమ్ మార్క్ ముద్రల సంగతీ అంతే. ఆ చీరకు ఆ ముద్ర ఉంటేనే ఆ మాట రావాలి.

ఇక వంతులు. ఒకే అస్థిపంజరం వరుసగా రెండుసార్లు రాకుండా చూడటానికి షీట్‌లో అస్థిపంజరాలు రాసుకున్న పేజీలో ‘చివరిసారి వాడిన తేదీ’ అన్న గడి ఉండాలి. వాడినవాళ్లు తేదీ వేయాలి. ఆ పేజీని తేదీ ప్రకారం అమర్చి, అన్నింటికన్నా పాతది పైన ఉండేలా చేస్తే, మనుషులకు సహజంగా ఉండే బద్ధకమే మేలు చేస్తుంది. పైనున్నదాన్ని తీసుకునే అలవాటు ఎలాగూ పోదు. పైన ఉన్నది ఎప్పుడూ చాలాకాలంగా వాడనిదే అవుతుంది.

అలా వంతులు మార్చినా పోస్టులు ఒకేలా ఉన్నాయేమో తేల్చుకోవడానికి రెండు పరీక్షలున్నాయి. మొదటిది, పేజీలోని చివరి తొమ్మిది పోస్టుల మొదటి వాక్యాలను ఫొటోలు చూడకుండా పైకి చదవడం. కంటికి పట్టుబడనిది చెవికి పట్టుబడుతుంది. మూడు వాక్యాలు ఒకే లయలో నడిస్తే చదివే గొంతే తడబడుతుంది. రెండో పరీక్ష ఇంకా కఠినం. రాసిన క్యాప్షన్‌ను అరలోని వేరే చీర ఫొటో కింద పెట్టి చూడాలి. అక్కడా చక్కగా అతికితే అందులో ఈ చీర గురించి ఏమీ లేనట్టే. పైన చెప్పిన పోచంపల్లి క్యాప్షన్‌ను గద్వాల్ చీర కింద పెడితే అబద్ధమవుతుంది. అలా అబద్ధం కావడమే ఆ క్యాప్షన్ బాగుందనడానికి గుర్తు.

ప్రశ్నలను దాచుకునే పద్ధతికి ముడిసరుకు కావాలి. రోజూ రాసే మనిషికి చీరలన్నీ ఒకేలా కనిపించడం మొదలవుతుంది, అది ఎవరి తప్పూ కాదు. ముగ్గురిలో ఫోన్ ఎత్తే మనిషి ఇక్కడ ఆదుకుంటారు. కొనేవాళ్లు ఏం అడుగుతున్నారో ఆ మనిషికి తెలిసినంతగా రాసేవాళ్లకు తెలియదు. ‘పైట పొడవు సరిపోతుందా, నేను కాస్త పొడగరిని’, ‘ఫొటోలో నీలం, ఇంటికొచ్చాక ఊదా అవుతుందా’, ‘అత్తగారికి పెట్టాలి, మరీ మెరిసేది వద్దు’. ఈ మాటలు అన్నవి అన్నట్టుగా, వాళ్ల పేర్లు లేకుండా, షీట్‌లో ఇంకో పేజీలో రాసి పెట్టాలి. ఫొటోలు తీసేవాళ్లు కూడా చీర విప్పినప్పుడు గమనించిన ఒక్క వివరాన్ని ఫొటోతో పాటు వాట్సాప్‌లో పంపాలి. ఒక్క వాక్యం చాలు. రాసేవాళ్లకు ఖాళీ తెర బెడద అక్కడితో తీరుతుంది, ఇరవై నిమిషాల పని ఐదారు నిమిషాలకు దిగేది కూడా ఇక్కడే.

రాసేవాళ్లు ఇద్దరైతే ఇంకో చిన్న పేజీ అవసరమవుతుంది. ఈ దుకాణం కొనేవాళ్లను ‘మీరు’ అంటుందా, చివర ‘అండి’ చేరుస్తుందా, ‘జాకెట్టు’ అంటుందా ‘బ్లౌజు’ అంటుందా, ‘గద్వాల్’ అని రాస్తుందా ‘గద్వాల’ అని రాస్తుందా అన్న సంగతులు అందులో ఉండాలి. పేర్ల వర్ణక్రమం ఒకటే ఉండటం మర్యాద కోసమే కాదు, వెతికేవాళ్లకు దొరకడం కోసం కూడా. అయితే ఒకరిది గుంటూరు మాట, మరొకరిది పాలమూరు మాట అయితే ఆ తేడాను చెరిపేయాల్సిన పనిలేదు. పేజీకి ప్రాణం పోసేది అలాంటి తేడాలే.

తగ్గింపు పోస్టుల మూసకు ఒక తప్పనిసరి గడి ఉంది: చివరి తేదీ. ఆషాఢం తగ్గింపు పోస్టును ఎవరో శ్రావణంలో చూసి, వరలక్ష్మీ వ్రతానికి అదే ధరకు కావాలని అడిగితే జరిగే రభస చెప్పనక్కర్లేదు. ఏ సరుకు మీద, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నవి నింపకుండా ఆ మూస బయటకు వెళ్లకూడదు.

పండగ శుభాకాంక్షలు మూసపోతకు పుట్టిల్లు. సంక్రాంతికి వెయ్యి దుకాణాలు ఒకే బొమ్మ, ఒకే వాక్యం పెడతాయి. వాటిలో వెయ్యిన్నొకటోది కావడం వల్ల ఎవరికీ లాభం లేదు. పండగ మూసలో శుభాకాంక్ష కన్నా ముందు ప్రశ్న ఒకటి పెడితే దారి మారుతుంది: ‘ఈ పండగకు కొనేవాళ్లు మన నుంచి తెలుసుకోవాల్సింది ఏమిటి?’ భోగి లోపు చేరాలంటే చివరి పార్శిల్ ఏ రోజు బయలుదేరుతుంది, కనుమ నాడు దుకాణం తెరుస్తారా, జాకెట్టు కుట్టించుకోవాలంటే ఎన్ని రోజుల ముందు కొనాలి. ఇవి పనికొచ్చే మాటలు, ఏ ఇద్దరు దుకాణదారులకూ ఒకేలా ఉండవు. ఆగస్టు 7న వచ్చే జాతీయ చేనేత దినోత్సవానికి కూడా 1905 నాటి స్వదేశీ ఉద్యమ చరిత్రను ఏటా తిరగరాసేకన్నా, ఆ రోజు మగ్గం మీద ఉన్న ఒక చీర ఎంతవరకు వచ్చిందో ఫొటోతో చూపించడం మేలు.

కొన్ని పోస్టులకు మూస అసలు పనికిరాదు. చీర రంగు దిగిందని ఎవరైనా అందరి ముందూ రాసినప్పుడు ఇచ్చే జవాబు, వానలకు మగ్గం గుంతల్లోకి నీళ్లు చేరి సరుకు ఆలస్యమవుతుందన్న కబురు, దుకాణానికి ఏళ్లుగా నేసిచ్చిన మనిషి పోయినప్పటి మాట. వీటిని దాచిపెట్టిన వాక్యాలతో రాస్తే చల్లగా, యంత్రంలా ఉంటాయి. ఇలాంటివాటికి లైబ్రరీలో ఉండాల్సింది ఒక్క వరుసే: ఎవరు రాయాలి, ఎవరు చూశాక పెట్టాలి.

నెలకొకసారి అరగంట ఈ షీట్ ముందు కూర్చోవాలి. ఏ అస్థిపంజరం కింద ఎక్కువ మెసేజ్‌లు వచ్చాయో చూడాలి. లైకుల లెక్క ఇక్కడ అంతగా నమ్మదగింది కాదు, చీర కొననివాళ్లు కూడా అందమైన ఫొటోకు లైకు కొడతారు. మూడు నెలలుగా ఎవరూ ముట్టుకోనివాటిని వేరే పేజీకి మార్చాలి. పూర్తిగా తుడిచేయకూడదు, ఎందుకంటే వాటిలో పెళ్లిళ్ల సీజన్‌వి, శ్రావణమాసానివి ఉంటాయి. ఏడాది తిరిగాక వాటిని వెనక్కి తెచ్చేటప్పుడు వరుసను అలాగే ఉంచి, ప్రశ్నలను మాత్రం ఆ ఏడాది ఫోన్లలో విన్న మాటల నుంచి కొత్తగా రాసుకోవాలి.